పన్నెండున్నర రౌండ్లు, ఇరవై ఐదు నిమిషాలు

కేంద్ర సాయుధ బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం ఎస్‌ఎస్‌సీ జీడీ పరీక్ష రాసే యువకులు ఐదు కిలోమీటర్లను 24 నిమిషాల్లో పరుగెత్తాలి. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ ఎంపికల్లో పురుషులకు 1600 మీటర్ల పరుగుకు ఇచ్చే గడువు 8 నిమిషాలు. లెక్క వేస్తే అది కిలోమీటరుకు సరిగ్గా ఐదు నిమిషాలు. ఆ వేగాన్నే వదలకుండా ఐదు కిలోమీటర్ల దాకా లాక్కెళ్తే 25 నిమిషాలవుతుంది. ఉద్యోగం కోసం కాకుండా ఆరోగ్యం కోసమో సరదాకో పరుగు మొదలుపెట్టినవాళ్లు కూడా రెండు మూడు 5కె రన్‌లు పూర్తిచేశాక ఎక్కువగా పెట్టుకునే లక్ష్యం ఇదే. ఉగాండా రన్నర్ జాషువా చెప్తెగై 2020లో మొనాకోలో 5,000 మీటర్లను 12 నిమిషాల 35.36 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 25 నిమిషాలంటే ఆయన వేగంలో దాదాపు సగం.

సగమే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. గంటకు 12 కిలోమీటర్ల వేగం అది. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద అయితే పన్నెండున్నర రౌండ్లు. ఒక్కో రౌండుకు రెండు నిమిషాలు, మిగిలిన అర రౌండుకు ఒక నిమిషం. మొదటి రెండు రౌండ్లు ఎవరైనా కొడతారు. ఎనిమిదో రౌండు కూడా అదే రెండు నిమిషాల్లో కొట్టడం దగ్గరే అసలు కథ ఉంటుంది.

రోజూ దమ్ము తీస్తే ఏమవుతుంది?

తెల్లవారుజామున ఏ ఊరి గ్రౌండుకు వెళ్లినా ఒక అలవాటు కనిపిస్తుంది. వచ్చీ రాగానే వాచీ ఆన్ చేయడం, నిన్నటి టైమింగ్ కన్నా ఐదు సెకన్లయినా తగ్గించాలని రొప్పుతూ పరుగెత్తడం, కాళ్లు పట్టేస్తే ఇంటికి వెళ్లిపోవడం. మొదటి నెలలో టైమింగ్ గబగబా తగ్గుతుంది. తర్వాత 27 నిమిషాల దగ్గరో, 26 దగ్గరో ఆగిపోతుంది. ఇంకా గట్టిగా పరుగెత్తితే వస్తుందనుకుంటారు. పిక్క పట్టేస్తుంది, రెండు వారాలు విశ్రాంతి, మళ్లీ మొదటికి.

లోపం కష్టపడటంలో లేదు, రోజూ ఒకే రకంగా కష్టపడటంలో ఉంది. ఆ పరుగు శరీరం కోలుకునేంత తేలికా కాదు, రేసు వేగానికి అలవాటు పడేంత చురుకూ కాదు. ఐదు కిలోమీటర్ల పరుగులో శరీరానికి కావలసిన శక్తిలో 90 శాతానికి పైగా ఆక్సిజన్ సాయంతోనే తయారవుతుంది. కాబట్టి ఆ వ్యవస్థను పెంచే తేలిక పరుగు ఎక్కువగా ఉండాలి. దాని పైకప్పును ఎత్తే ఇంటర్వెల్స్ కొద్దిగా ఉండాలి. కాళ్లకు వేగం మరిచిపోకుండా చేసే స్ట్రైడ్స్ అప్పుడప్పుడు పడుతుండాలి. మూడూ వేర్వేరు పనులు చేస్తాయి.

పరుగు చరిత్రలో ఈ రెండు దారులకూ పెద్ద పేర్లున్నాయి. చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జటోపెక్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడింటిలోనూ స్వర్ణం గెలిచాడు. 400 మీటర్ల పరుగులను, మధ్యలో 200 మీటర్ల జాగింగ్‌తో, పదుల సంఖ్యలో కొట్టడం ఆయన సాధన. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఇంకో దారి పట్టాడు. తన శిష్యుల చేత ముందు నెలల తరబడి వారానికి 160 కిలోమీటర్ల దాకా దూరాలు పరుగెత్తించి, వేగం పని ఆ తర్వాతే మొదలుపెట్టించేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు ఆయన శిష్యులిద్దరు స్వర్ణాలు తెచ్చారు. పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలో. నేటి కోచ్‌లు ఈ రెంటినీ కలిపే వాడుతున్నారు. నార్వేలో పనిచేసే క్రీడాశాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ మేటి క్రీడాకారుల సాధనను పరిశీలించి, వాళ్ల సెషన్లలో సుమారు 80 శాతం తేలికగానే ఉంటాయని చూపించాడు. వారానికి నాలుగు రోజులు పరుగెత్తే సామాన్యుడికి దీని అర్థం సులువు: ఒక రోజు గట్టిగా, మూడు రోజులు తేలికగా.

27:30 నుంచి మొదలుపెట్టిన ఒకరి పన్నెండు వారాలు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ముప్పై నాలుగేళ్ల వ్యక్తి ఒకరున్నారనుకుందాం. ఏడాదిగా పరుగెత్తుతున్నారు. ఐదు కిలోమీటర్లకు 27 నిమిషాల 30 సెకన్లు పడుతోంది. వారానికి మూడు రోజులు, ఒక్కోసారి ఐదు కిలోమీటర్లు, ప్రతిసారీ కిలోమీటరుకు ఆరు నిమిషాల లోపే. పైన చెప్పుకున్న అలవాటే ఆయనది కూడా.

మొదటి నాలుగు వారాల్లో ఇంటర్వెల్స్ ఉండవు. చేయాల్సింది రెండు పనులు. రోజులను నాలుగు చేయడం, వేగాన్ని తగ్గించడం. ఆయనకు తేలిక పరుగు అంటే కిలోమీటరుకు ఏడు నిమిషాల చుట్టుపక్కల. పక్కన పరుగెత్తే మిత్రుడితో రాజకీయాలు మాట్లాడుకోగలగాలి. రెండు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. మొదటి వారం మొత్తం 18 కిలోమీటర్లు, నాలుగో వారానికి 25. ఆదివారం పరుగు ఆరు కిలోమీటర్ల నుంచి మెల్లగా ఎనిమిదికి చేరుతుంది, తర్వాతి వారాల్లో పదికి.

ఇంత మెల్లగా పరుగెత్తితే వేగం ఎలా వస్తుందన్న అనుమానం సహజం. తేలిక పరుగులో గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకుంటుంది. కండరాల చుట్టూ సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతుంది. ఈ మార్పులు రావాలంటే పరుగు మీద గడిపే సమయం కావాలి. రొప్పుతూ అంత సమయం గడపడం ఎవరివల్లా కాదు. ఆరు వారాలు దాటేసరికి అదే ఊపిరితో కిలోమీటరుకు 6:45 రావడం మొదలవుతుంది. పనవుతోందనడానికి అదే గుర్తు.

స్ట్రైడ్స్ మాత్రం మొదటి వారం నుంచే. గురువారం తేలిక పరుగు ముగిశాక చదునైన చోట ఎనభై నుంచి వంద మీటర్లు. మొదటి ముప్పై మీటర్లలో మెల్లగా వేగం అందుకోవాలి. మధ్య నలభై మీటర్లు చురుగ్గా, అయినా బిగుసుకోకుండా, ముఖం, భుజాలు వదులుగా ఉంచి పరుగెత్తాలి. చివర్లో బ్రేకు వేయకుండా వేగాన్ని దానంతట అదే తగ్గనివ్వాలి. మొత్తం పదిహేను నుంచి ఇరవై సెకన్లు. తర్వాత నడుచుకుంటూ మొదలుపెట్టిన చోటికి రావాలి. ఊపిరి పూర్తిగా కుదుటపడ్డాకే రెండోది. ఇలా నాలుగుతో మొదలుపెట్టి ఆరు దాకా. ఇది వంద మీటర్ల పందెం కాదు, ప్రాణం పెట్టి పరుగెత్తకూడదు. స్ట్రైడ్స్ ముగిశాక కాళ్లు అలసిపోయినట్టు కాక తేలికపడినట్టు అనిపించాలి. నరాలూ కండరాలూ కలిసి పనిచేసే తీరు మెరుగుపడి, అదే వేగానికి ఖర్చయ్యే శక్తి తగ్గడం దీని లాభం. వారంలో మూడు రోజులు మెల్లగా పరుగెత్తే మనిషి అడుగు బరువెక్కకుండా కాపాడేది కూడా ఇదే.

మంగళవారం: ట్రాక్ మీద

ఐదో వారం నుంచి మంగళవారం ఇంటర్వెల్స్‌ది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కావలసిన వేగం కిలోమీటరుకు ఐదు నిమిషాలు కాబట్టి మొదటి రోజే రౌండుకు రెండు నిమిషాలు, వీలైతే 1:45 కొట్టేయాలని చూస్తారు. సాధన ఎప్పుడూ ఇవాళ్టి శక్తిని బట్టి మొదలవ్వాలి. ఆయన ప్రస్తుత 5కె వేగం కిలోమీటరుకు 5:30, అంటే రౌండుకు 2:12. కాబట్టి మొదటి వారం 400 మీటర్లు ఎనిమిది సార్లు, ఒక్కోటి 2:08లో. మధ్యలో 200 మీటర్లు మెల్లగా జాగింగ్. నిలబడిపోవడం, కూర్చోవడం లేదు.

ఆ ఉదయాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. ముందు పదిహేను నిమిషాల తేలిక పరుగు, తర్వాత నాలుగు స్ట్రైడ్స్. ఇది లేకుండా నేరుగా మొదలుపెడితే మొదటి రెండు ఇంటర్వెల్స్ వార్మప్‌గానే పోతాయి, పిక్కలకూ ప్రమాదం. మొదటి రౌండు 2:08లో ముగిసినప్పుడు ఇంతేనా అనిపిస్తుంది. అలాగే అనిపించాలి. మూడో రౌండు నుంచి ఊపిరి బరువెక్కుతుంది. ఐదో రౌండులో రెండో మలుపు దగ్గర భుజాలు చెవుల వైపు లేస్తుంటాయి, వాటిని కిందికి దించుకోవాలి. ఎనిమిదోది కూడా 2:08లోనే ముగిసి, తప్పదంటే ఇంకొకటి కొట్టగలను అనిపిస్తే ఆ రోజు పని సరిగ్గా జరిగింది. మొదటిది 1:55, చివరిది 2:20 అయితే మొత్తం తక్కువ సమయమే అయినా ఆ రోజు చెడినట్టే. తర్వాత పది నిమిషాల మెల్లని జాగింగ్‌తో ఇంటికి.

వారం వారానికి ముక్కలు పొడవవుతాయి. ఏడు, ఎనిమిది వారాల్లో 800 మీటర్లు నాలుగు, ఐదు సార్లు, ఒక్కోటి 4:10 దగ్గర. తొమ్మిదో వారం 1000 మీటర్లు నాలుగు సార్లు, 5:05లో. పదో వారం 1000 మీటర్లు ఐదు సార్లు, ఐదు నిమిషాల్లో, మధ్యలో మూడు నిమిషాల జాగింగ్. పొడవు పెంచడానికి కారణం ఉంది. గట్టిగా పరుగెత్తడం మొదలుపెట్టాక శరీరం ఆక్సిజన్ వాడకంలో తన గరిష్ఠ స్థాయికి దగ్గరవడానికి ఒకటిన్నర, రెండు నిమిషాలు పడుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాల ముక్క అయితేనే ఆ పై స్థాయిలో గడిపే సమయం చెప్పుకోదగ్గంత ఉంటుంది. మధ్యలో విరామం ఉండబట్టే ఒకే దమ్మున పరుగెత్తితే దొరకనంత సమయం ఒక్క ఉదయంలో పోగవుతుంది.

ట్రాక్ మీద ఒక చిన్న సంగతి మరచిపోకూడదు. నాలుగు వందల మీటర్లన్న లెక్క లోపలి మొదటి లేన్‌కే. రెండో లేన్‌లో ఒక రౌండు సుమారు 407 మీటర్లు, ఎనిమిదో లేన్‌లో సుమారు 453. నడిచేవాళ్ల రద్దీకి బయటి లేన్‌లోకి జరిగి టైమింగ్ రాలేదని బాధపడటం అనవసరం. స్కూలు, కాలేజీ గ్రౌండ్లు చాలావాటిలో రౌండు 200 మీటర్లో 300 మీటర్లో ఉంటుంది. ముందు కనుక్కోవాలి.

ఎక్కడ బెడిసికొడుతుంది?

ఎండాకాలంలో ఈ అంకెలు పట్టుకుని వేలాడితే ఇబ్బందే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో తెల్లవారుజామున కూడా ఉక్క ఉంటుంది. శరీరాన్ని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఏడు నిమిషాల తేలిక పరుగు ఆ రోజుల్లో ఏడున్నర అయినా తప్పు లేదు. ఊపిరిని బట్టి పరుగెత్తాలి, వాచీని బట్టి కాదు. అందుకే ఈ పన్నెండు వారాలను సెప్టెంబరులో మొదలుపెట్టి, చలి పడ్డాక డిసెంబరులో రేసు పెట్టుకోవడం తెలుగు రాష్ట్రాల వాతావరణానికి అనువైన లెక్క.

రెండో ప్రమాదం మోకాలికీ మడమకూ మధ్య ముందున్న ఎముక దగ్గర నొప్పి. కండరాల అలసట రెండు కాళ్లకూ సమానంగా ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఒకే చోట వేలితో నొక్కితే నొప్పి పుట్టడం, పరుగెత్తే కొద్దీ అది పెరగడం, మెట్లు దిగేటప్పుడు కూడా గుచ్చుకోవడం వేరే సంగతి. అప్పుడు పరుగు ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. పట్టుదలతో కొనసాగిస్తే ఎముకలో సన్నని చీలిక దాకా వెళ్లే ప్రమాదం ఉంది. దూరాన్ని ఒక్కసారిగా పెంచినవాళ్లకు, సిమెంటు రోడ్డు మీద అరిగిపోయిన బూట్లతో పరుగెత్తేవాళ్లకు ఈ బెడద ఎక్కువ.

మూడోది కంటికి కనిపించదు. ఉదయం లేవగానే నాడి మామూలు కన్నా ఎక్కువ కొట్టుకోవడం, నిద్ర చెడటం, తేలిక పరుగు కూడా భారంగా అనిపించడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే ఆ వారం ఇంటర్వెల్స్ వదిలేసి తేలికగా నాలుగైదు కిలోమీటర్లతో సరిపెట్టుకోవాలి. ఒక మంగళవారం పోయినంత మాత్రాన 25 నిమిషాలు చేజారిపోవు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో గుండె జబ్బుల చరిత్ర ఉన్నవాళ్లు ఇంటర్వెల్స్ మొదలుపెట్టకముందే డాక్టరును కలవాలి.

సిద్ధమయ్యామో లేదో

పదకొండో వారంలో మంగళవారం ఇంటర్వెల్స్ బదులు 3 కిలోమీటర్ల పరీక్ష పెట్టుకోవచ్చు. ఏడున్నర రౌండ్లు, ఉన్న శక్తినంతా పెట్టి. అమెరికన్ ఇంజినీరు పీటర్ రీగెల్ ఒక దూరపు టైమింగ్ నుంచి ఇంకో దూరపు టైమింగ్‌ను అంచనా వేసే సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం 3 కిలోమీటర్ల సమయాన్ని 1.72తో గుణిస్తే 5 కిలోమీటర్ల సమయం సుమారుగా వస్తుంది. 27:30 దగ్గర మొదలైనప్పుడు మన ఉద్యోగి 3 కిలోమీటర్లకు 16 నిమిషాలు తీసుకునేవారు. ఇప్పుడు 14:30 వస్తే లెక్క ప్రకారం 25 లోపు కుదురుతుంది. 15 నిమిషాలు వస్తే ఇంకా 25:45 దగ్గర ఉన్నట్టు. రేసును మూడు నాలుగు వారాలు వెనక్కి జరపడమో, ఈసారికి 25:45ను లక్ష్యంగా పెట్టుకోవడమో చేయాలి.

చివరి వారంలో దూరం సగానికి తగ్గుతుంది. మంగళవారం 400 మీటర్లు ఐదు సార్లు, 1:58లో. గురువారం నాలుగు కిలోమీటర్లు తేలికగా, నాలుగు స్ట్రైడ్స్. శనివారం విశ్రాంతి. ఈ వారంలో కొత్తగా శక్తి రాదు. వచ్చిందాన్ని అలసట కింద దాచేయకుండా ఉంచడమే పని.

రేసు రోజు

రేసు ఎంచుకునేటప్పుడే ఒకటి చూసుకోవాలి. నగరాల్లో జరిగే 5కెల్లో చాలావాటికి ఫన్ రన్ అని పేరు. బిబ్‌తో పాటు టైమింగ్ చిప్ ఇస్తారో లేదో, దూరాన్ని కొలిచారో లేదో ముందే అడగాలి. చేతి వాచీలోని జీపీఎస్ చెట్ల కింద, ఎత్తయిన భవనాల మధ్య తప్పుతుంది. మలుపుల దగ్గర రన్నర్ కూడా అతి దగ్గరి దారిలో పోలేడు. అందుకే ఐదు కిలోమీటర్ల రేసు ముగిసేసరికి వాచీలో 5.05 నుంచి 5.1 దాకా కనిపించడం మామూలే. వాచీ కిలోమీటరుకు సరిగ్గా 5:00 చూపిస్తుంటే రేసు 25:20 దగ్గర ముగిసే ప్రమాదం ఉంది. వాచీలో 4:54 చూపిస్తుంటే నిబ్బరంగా ఉండవచ్చు.

పొద్దున రేసుకు రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో ఒక అరటిపండో చాలు. సాధనలో తినని పదార్థం ఆ రోజు ముట్టకూడదు, కొత్త బూట్లు కట్టకూడదు. పదిహేను నిమిషాల జాగింగ్, నాలుగు స్ట్రైడ్స్ ముగించి, మొదలయ్యేందుకు పది నిమిషాల ముందు లైనులో ఉండాలి.

తుపాకీ పేలగానే అందరూ దూసుకుపోతారు. ఆ ఊపులో మొదటి కిలోమీటరు 4:30లో ముగుస్తుంది, ముప్పై సెకన్లు మిగిలాయని ఆనందం. మూడో కిలోమీటరులో ఆ ముప్పై సెకన్లూ పోగా ఇంకో నలభై పోతాయి. వెంట తీసుకెళ్లాల్సిన లెక్క ఇది: మొదటి రెండు కిలోమీటర్లు ఒక్కోటి 5:00, మూడోది, నాలుగోది 5:02 చొప్పున, చివరిది 4:55. కూడితే 24:59. మొదటి కిలోమీటరులో పక్కవాళ్లు దాటిపోతున్నా పోనివ్వాలి. మూడు, నాలుగు కిలోమీటర్లలో గమ్యం కనిపించదు, కాళ్లు తెలియకుండానే నెమ్మదిస్తాయి. ముందున్న ఒక చొక్కాను చూపులో పెట్టుకుని దాని దూరం పెరగకుండా చూసుకోవడం రన్నర్లు వాడే ఉపాయం. ఆఖరి నాలుగు వందల మీటర్లలో స్ట్రైడ్స్ అక్కరకొస్తాయి. అలసిన కాళ్లకు వేగంగా కదలడం ఎలాగో గుర్తుంటుంది.

25:20 వస్తే నిరుత్సాహపడే ముందు కిలోమీటరు వారీ సమయాలు చూడాలి. మొదటిది 4:40, నాలుగోది 5:25 అయితే శక్తి చాలే ఉంది, పంచుకోవడం తప్పింది. రెండు వారాల తర్వాత ఇంకో రేసు ప్రయత్నించవచ్చు. ఐదూ సమానంగా 5:04 చొప్పున ఉంటే పరుగు సరిగ్గానే సాగింది, శక్తి ఇంకాస్త పెరగాలి. అప్పుడు ఒక వారం తేలికగా గడిపి, తొమ్మిదో వారం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. అందుకే ఆ అయిదు అంకెలనూ రేసు రోజు సాయంత్రమే తారీఖు, వాతావరణంతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.